కాలర్ మైకు ఫోన్‌కి పట్టుకోవడం లేదా? పిన్ను మీద నల్ల పట్టీలు లెక్కపెట్టండి

ప్రశ్న: గుణుపూర్‌లో ఇంటి దగ్గర ట్యూషన్ చెప్తాను. పాఠాలు ఫోన్‌లో రికార్డు చేద్దామని కాలర్ మైకు కొన్నాను. పిన్ను ఫోన్‌లో సరిగ్గానే దిగుతోంది కానీ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తోంది. మైకు పాడా, ఫోన్ పాడా? అసలు మోనో పిన్ను, స్టీరియో పిన్ను, మైకు ఉన్న పిన్ను చూసి ఎలా గుర్తుపట్టాలి?

జవాబు:

మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ బాగానే ఉండి ఉంటాయండి. మైకు పిన్నును ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. బంగారు రంగులోనో వెండి రంగులోనో ఉన్న ఆ లోహం మీద సన్నటి నల్ల పట్టీలు కనిపిస్తాయి. ఒక్క పట్టీ ఉంటే మోనో. రెండు ఉంటే స్టీరియో. మూడు ఉంటే స్టీరియోతో పాటు మైకు కూడా ఉన్న ఫోన్ హెడ్‌సెట్ పిన్ను. మీ మైకుకి రెండే పట్టీలు ఉండాలని నా అంచనా. అది కెమెరాకి పనికొచ్చే మైకు. ఫోన్‌కి మూడు పట్టీల పిన్ను కావాలి. మధ్యలో ఒక చిన్న అడాప్టర్ పెడితే అదే మైకు మీ ఫోన్‌లో పనిచేస్తుంది. కొత్త మైకు కొనక్కర్లేదు.

నేను రాయగడలో సౌండ్ సిస్టమ్స్, మొబైల్ రిపేరు పని చేస్తాను. ఇంటి నుంచి పాఠాలు చెప్పేవాళ్లు, పాటలు రికార్డు చేసేవాళ్లు ఎక్కువయ్యాక ఈ సమస్యతో మా షాపుకి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ఫోన్ ఏ మైకు నుంచి రికార్డు చేస్తోందో తేల్చుకోండి. మైకు పిన్ను పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టండి. కాలర్ మైకు తలని గోటితో మెల్లగా రెండుసార్లు గీకండి. తర్వాత ఫోన్ కింది అంచు దగ్గర, చార్జింగ్ హోల్ పక్కన ఉండే సన్న రంధ్రం మీద అలాగే గీకండి. ఆపి వినండి. మొదటిది వినిపించకుండా రెండోది గట్టిగా వినిపిస్తే ఫోన్ తన సొంత మైకునే వాడుకుంటోంది, మీ కాలర్ మైకు అసలు లెక్కలోకే రాలేదు. గొంతు దూరం నుంచి వస్తున్నట్టు ఉండటానికి కారణం అదే. ఫోన్ బల్ల మీద ఉంటుంది, మీరు బోర్డు దగ్గర ఉంటారు.

ఇంకో గుర్తు కూడా ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పిన్ను పెట్టగానే పైన హెడ్‌ఫోన్ బొమ్మ వస్తుంది. మైకు దొరికితే ఆ బొమ్మకి నోటి దగ్గరికి వచ్చే చిన్న కొమ్మ ఉంటుంది, దొరకకపోతే ఉండదు. అన్ని కంపెనీల ఫోన్లలో ఈ తేడా కనిపించదు కాబట్టి గోటి పరీక్షనే నమ్మండి.

పట్టీలు ఎలా లెక్కపెట్టాలి

ఆ నల్ల పట్టీ ప్లాస్టిక్. ఒక లోహపు ముక్క పక్క ముక్కకి తగలకుండా అడ్డుగా పెట్టినది. కాబట్టి పట్టీలు ఎన్ని ఉంటే లోహపు ముక్కలు దానికంటే ఒకటి ఎక్కువ ఉంటాయి. ఒక పట్టీకి రెండు ముక్కలు, రెండు పట్టీలకి మూడు, మూడు పట్టీలకి నాలుగు. ఒక్కో ముక్క ఒక్కో వైరుకి దారి.

పట్టీ ఎప్పుడూ నలుపే ఉండాలని లేదు. తెల్ల ఇయర్‌ఫోన్లకి తెల్ల పట్టీలు ఉంటాయి, కొన్నింటికి ఆకుపచ్చ, ఎరుపు కూడా చూశాను. రంగుకి అర్థం ఏమీ లేదు, సంఖ్యే చూడాలి. పిన్ను మొదట్లో, మనం పట్టుకునే పిడి దగ్గర, ఒక ప్లాస్టిక్ అంచు ఉంటుంది. దాన్ని పట్టీగా లెక్కపెట్టి రెండు పట్టీల పిన్నుని మూడనుకునేవాళ్లు ఎక్కువ. రెండు వైపులా లోహం ఉంటేనే అది పట్టీ. అనుమానం వస్తే పట్టీలు వదిలేసి లోహపు ముక్కలు లెక్కపెట్టండి, తప్పు రాదు. ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి జూమ్ చేస్తే కంటికి శ్రమ కూడా ఉండదు.

ఈ మూడు రకాలకీ లావు ఒకటే, 3.5 ఎంఎం. పొడవు కూడా సుమారు 14 ఎంఎం. అందుకే ఏ పిన్ను అయినా ఏ హోల్‌లోనైనా టక్కుమని కూర్చుంటుంది. కూర్చుంది కదా, పనిచేయాలి అని అనుకోవడం సహజం. కానీ లోపల ఏ ముక్క ఏ స్ప్రింగుకి తగిలిందన్నదే అసలు విషయం.

లోపల ఏం జరుగుతుంది

కొన నుంచి మొదలుపెట్టి చూద్దాం. ఒక పట్టీ పిన్నులో కొన మీద శబ్దం వస్తుంది, మిగిలిన పొడవంతా గ్రౌండ్. రెండు పట్టీల పిన్నులో కొన ఎడమ చెవి, మధ్య రింగు కుడి చెవి, వెనక మిగిలినదంతా గ్రౌండ్. మూడు పట్టీల పిన్నులో కొన ఎడమ, మొదటి రింగు కుడి, రెండో రింగు గ్రౌండ్, అన్నిటికంటే వెనక ఉన్న ముక్క మైకు. ఇప్పుడు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఈ వరసలోనే ఉంటాయి. ఆ వరసని సీటీఐఏ అంటారు. ప్యాకెట్ల మీద టీఎస్, టీఆర్‌ఎస్, టీఆర్‌ఆర్‌ఎస్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించేవి ఈ మూడు రకాలే.

మీ ఫోన్ హోల్‌లో నాలుగు స్ప్రింగులు ఉంటాయి, చివరి రెండూ ఒకటి గ్రౌండ్‌కి, ఒకటి మైకుకి. రెండు పట్టీల పిన్నులో వెనక ముక్క పొడుగ్గా ఒకటే ఉంటుంది కదా. అది ఆ రెండు స్ప్రింగులకీ ఒకేసారి తగులుతుంది. అంటే మైకు దారి గ్రౌండ్‌కి షార్ట్ అయిపోతుంది. పిన్ను పెట్టగానే ఫోన్ మైకు దారిలోకి కొద్దిపాటి వోల్టేజీ పంపి అవతల ఎంత రెసిస్టెన్స్ ఉందో చూసుకుంటుంది. ఆండ్రాయిడ్ హెడ్‌సెట్లకి ఇచ్చిన కొలతల ప్రకారం మైకు 1000 ఓమ్‌లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. ఇక్కడ దొరికేది సున్నా. దాంతో "ఇది మైకు లేని మామూలు ఇయర్‌ఫోన్" అని తీర్మానించుకుని తన సొంత మైకుకి వెళ్లిపోతుంది. మీ కాలర్ మైకు వైరు కలిసేది ఎడమ, కుడి చెవుల దారులకే. ఫోన్ ఆ దారుల్లో శబ్దం బయటికి పంపుతుందే తప్ప లోపలికి తీసుకోదు.

దీనివల్ల ఫోనూ పాడవదు, మైకూ పాడవదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఏ అడాప్టర్ కొనాలి

షాపులో "3.5 కన్వర్టర్ ఇవ్వండి" అని మాత్రం అడగకండి. ఆ పేరుతో రకరకాలవి ఇస్తారు. మీకు కావాల్సింది ఒక వైపు రెండు పట్టీల మైకు దూరే హోల్, రెండో వైపు మూడు పట్టీల పిన్ను. లోపల మైకు కొన ఫోన్ మైకు దారికి కలిసి ఉండాలి. ఇది బయటికి కనిపించదు కాబట్టి ప్యాకెట్ మీద మైకు కోసమని రాసి ఉన్నదే తీసుకోండి.

ఒక పిన్ను, రెండు హోల్స్ ఉండే స్ప్లిట్టర్ కూడా పనికొస్తుంది. ఒక హోల్ దగ్గర మైకు బొమ్మ, ఇంకో దగ్గర హెడ్‌ఫోన్ బొమ్మ ఉండాలి. రెండు హోల్స్ దగ్గరా హెడ్‌ఫోన్ బొమ్మే ఉంటే అది ఇద్దరు కలిసి పాట వినడానికి చేసినది, మీకు పనికిరాదు. ఫోన్‌లోకి వెళ్లే పిన్ను మీద మూడు పట్టీలు లేకపోతే, షాపతను ఏం చెప్పినా వెనక్కి ఇచ్చేయండి. రెండు పట్టీల పిన్నుతో మైకు ఫోన్‌లోకి వెళ్లే దారే లేదు.

దీనికి సరిగ్గా ఎదురు రకం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఫోన్ మైకుని కెమెరాకి పెట్టుకోవడానికి చేసినది. దానికి రెండు పట్టీల పిన్ను బయటికి ఉంటుంది. చూడకుండా తెచ్చేసుకుంటే మళ్లీ బస్సెక్కాల్సి వస్తుంది. మన వైపు ఇలాంటి చిన్న సామానుకి పార్వతీపురమో విజయనగరమో వెళ్లేవాళ్లే ఎక్కువ కదా, అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఒకవేళ మీ మైకుకి మూడు పట్టీలే ఉన్నాయనుకోండి. అప్పుడు వైరు మధ్యలో చిన్న డబ్బా ఉందేమో చూడండి. కొన్ని కాలర్ మైకులకి ఆ డబ్బాలో గుండీ బ్యాటరీ, పక్కన ఫోన్, కెమెరా అని మార్చే స్విచ్ ఉంటాయి. స్విచ్ కెమెరా వైపు ఉండిపోతే పిన్ను సరైనదే అయినా ఫోన్ పట్టుకోకపోవచ్చు.

మీ ఫోన్‌కి గుండ్రటి హోల్ లేకుండా టైప్-సీ అడాప్టర్ వాడుతున్నా ఇదే లెక్క. అయితే కొన్ని చవక టైప్-సీ అడాప్టర్లలో పాట వినడానికే తప్ప మైకుకి దారి ఉండదు. ఫోన్‌తో వచ్చిన మైకు ఇయర్‌ఫోన్ ఒకటి దానికి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మూడు పట్టీలున్నా తేడా వచ్చే సందర్భం

పట్టీల సంఖ్య ఎన్ని దారులున్నాయో చెప్తుంది. ఏ దారిలో ఏముందో చెప్పదు. మూడు పట్టీల పిన్నుల్లో రెండు వరసలున్నాయి. ఇందాక చెప్పిన సీటీఐఏ ఒకటి. రెండోది ఓఎంటీపీ, ఇందులో చివరి రెండూ తారుమారు. రెండో రింగు మైకు, వెనక ముక్క గ్రౌండ్. పాత నోకియా ఫోన్లలో కొన్నిటికి ఈ వరస ఉండేది. బయటికి రెండు పిన్నులూ ఒకేలా ఉంటాయి, కంటితో విడదీయలేం.

పర్లాకిమిడి నుంచి ఒకాయన పాత ఇయర్‌ఫోన్ పట్టుకొచ్చాడు. కొత్త ఫోన్‌లో పెడితే పాటలో డప్పులూ తాళాలూ వినిపిస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం లేదు. ఉన్న శబ్దం కూడా గుల్లగా, డొల్లగా ఉంది. ఇయర్‌ఫోన్ కాలిపోయిందని ఆయన నిర్ణయానికి వచ్చేశాడు. ఫోన్ ఎత్తే బటన్‌ని నొక్కి పట్టుకుని వినమన్నాను. నొక్కినంత సేపూ గొంతు పూర్తిగా వచ్చింది, వదలగానే పోయింది. బటన్ నొక్కితే బాగుపడి, వదిలితే పోతే గ్రౌండ్, మైకు దారులు తారుమారయ్యాయని అర్థం.

ఎందుకంటే, చెవి స్పీకర్లు రెండూ కలిసే గ్రౌండ్ వైరు ఫోన్ గ్రౌండ్‌కి బదులు మైకు దారికి తగులుతుంది. అక్కడి నుంచి కరెంటు వెనక్కి పోవడానికి సరైన దారి లేదు. దాంతో ఎడమ స్పీకరూ కుడి స్పీకరూ ఒకదాని తర్వాత ఒకటిగా సిరీస్‌లో పడిపోయి, ఎడమకీ కుడికీ మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. పాటల్లో గొంతుని రెండు వైపులా సమానంగా పెడతారు. సమానంగా ఉన్నది కొట్టేసుకుపోతుంది, పక్కలకి ఉన్న వాయిద్యాలు మిగులుతాయి. బటన్ నొక్కినప్పుడు మైకు రెండు కొసలూ కలిసిపోయి గ్రౌండ్ తిరిగి దొరుకుతుంది, గొంతు వస్తుంది.

దీన్ని మల్టీమీటరుతో కచ్చితంగా తేల్చవచ్చు. మీటరుని 200 ఓమ్ రేంజిలో పెట్టి, ఒక కొసని పిన్ను కొన మీద ఉంచాను. రెండో కొసని మొదటి రింగు మీద పెడితే సుమారు 64 ఓమ్‌లు చూపించింది. అంటే రెండు స్పీకర్లూ బాగానే ఉన్నాయి, ఒక్కోటీ 32. అదే కొసని రెండో రింగు మీద పెడితే రీడింగే లేదు, రేంజి దాటిపోయింది. వెనక ముక్క మీద పెడితే 32 వచ్చింది, ఎడమ చెవిలో టిక్కుమని చిన్న చప్పుడూ వచ్చింది. చెవి స్పీకర్ రెసిస్టెన్స్ ఏ ముక్క దగ్గర కనిపిస్తే అదే గ్రౌండ్. ఇక్కడ గ్రౌండ్ వెనక ముక్క మీద ఉంది, అంటే ఓఎంటీపీ. ఆ రెండు దారుల్నీ మార్చే చిన్న అడాప్టర్ పెట్టాక పాట పూర్తిగా వినిపించింది. మీ ఇయర్‌ఫోన్‌కి 32 బదులు 16 ఓమ్‌లు కూడా రావచ్చు. ఇలా కొలిచేటప్పుడు బటన్ నొక్కకండి, నొక్కితే రెండు చోట్లా దాదాపు ఒకే రీడింగు వచ్చి గందరగోళం అవుతుంది.

ఒక్కోసారి పిన్ను పూర్తిగా దిగకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఫోన్ కవరు మందంగా ఉండి పిన్ను పిడి ఆగిపోవడం, హోల్ అడుగున జేబు నూలు పేరుకుపోవడం మామూలే. కవరు తీసి ఒకసారి పెట్టి చూశాకే మీటరు దగ్గరికి వెళ్లండి.

రెండు పట్టీల పిన్నుకీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అది వినే ఇయర్‌ఫోన్ కావచ్చు, మీ దగ్గరున్నలాంటి మైకు కావచ్చు. డెస్క్‌టాప్ కంప్యూటరు వెనక గులాబీ రంగు హోల్ మైకుకి, లేత ఆకుపచ్చది స్పీకరుకి. రెండింటిలోనూ రెండు పట్టీల పిన్నే దిగుతుంది. మీటరు పెడితే ఇయర్‌ఫోన్ 16, 32 లాంటి చిన్న అంకె చూపించి చెవిలో టిక్కుమంటుంది, మైకు వెయ్యి ఓమ్‌ల చుట్టుపక్కల గానీ ఇంకా పైన గానీ ఉంటుంది. చాలా కాలర్ మైకుల్లో కొననీ రింగునీ లోపలే కలిపేస్తారు, వాటి మధ్య కొలిస్తే సున్నా వస్తుంది.

ఒక్క పట్టీ పిన్ను గురించి

మీ సమస్యకి ఇది సంబంధం లేదు, కానీ అడిగారు కాబట్టి చెప్తాను. భజన గుడుల్లో పాత ఆంప్లిఫయర్లకీ, చిన్న రేడియోలకీ మోనో హోల్ ఉంటుంది. అలాంటి రేడియోలో స్టీరియో ఇయర్‌ఫోన్ పెడితే ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. కుడి రింగుకి అవతల స్ప్రింగే లేదు. అది ఇయర్‌ఫోన్ లోపం కాదు.

అలాగని ఒక్క పట్టీ పిన్నుని ఫోన్‌లో పెట్టడం మాత్రం చేయకండి. దాని వెనక ముక్క కుడి దారిని గ్రౌండ్‌కి షార్ట్ చేస్తుంది. ఫోన్‌కి వెంటనే ఏమీ కాకపోవచ్చు, కానీ గంటల తరబడి అలా నడపడం మంచిది కాదు. పైగా పాటలో కుడి వైపు ఉన్నదంతా పోతుంది. శ్రీరామనవమి పందిట్లో ఫోన్ నుంచి మోనో ఆంప్లిఫయరుకి పాట ఇవ్వాలంటే, ఫోన్ వైపు రెండు పట్టీల పిన్ను పెట్టి, ఎడమ వైరులో ఒకటి, కుడి వైరులో ఒకటి 1 కిలో ఓమ్ రెసిస్టర్లు వేసి, వాటి అవతల కొసల్ని కలిపి ఆంప్లిఫయరుకి ఇస్తాను. రెసిస్టర్లు లేకుండా ఎడమ, కుడి వైర్లని నేరుగా మెలిపెట్టి కలిపితే ఫోన్‌లోని రెండు చానెళ్లూ ఒకదానినొకటి తోసుకుంటాయి.

ఇక మీ సంగతి. అడాప్టర్ కొనడానికి వెళ్లేటప్పుడు మైకూ ఫోనూ రెండూ తీసుకెళ్లండి. షాపులోనే పెట్టి గోటి పరీక్ష చేసి, రికార్డింగ్ విన్నాకే డబ్బులివ్వండి. అది దొరికేదాకా పాఠాలు ఆపుకోకండి. ఫోన్ ఇయర్‌ఫోన్ వైరు మీద బటన్ దగ్గర ఉండే మైకుని పిన్నీసుతో చొక్కాకి, గొంతుకి ఒక జానెడు కింద పెట్టుకోండి. బటన్ బట్టకి ఒరుసుకోకుండా చూసుకుంటే ఫోన్ సొంత మైకు కంటే చాలా నయంగా వస్తుంది.

అడాప్టర్ పెట్టాక కూడా గొంతు దూరం నుంచే వస్తుంటే మైకు పిన్ను, అడాప్టర్ పిన్ను రెండింటి దగ్గరి ఫొటోలూ, ఫోన్ మోడలూ ఇక్కడే పెట్టండి. ఏ దారి తప్పిందో చూసి చెప్తాను.